సీశాట్ పాసేజీలు: తమ్ముడితో ఆరు నెలల చదువు డైరీ

మా తమ్ముడు డిగ్రీ దాకా తెలుగు మీడియం. నేను ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్ని. పోయినసారి సివిల్స్ ప్రిలిమ్స్‌లో వాడికి జనరల్ స్టడీస్ పేపరు బాగానే వచ్చింది, రెండో పేపరైన సీశాట్ మాత్రం పోయింది. మెయిన్స్ తెలుగులో రాసుకోవచ్చు గానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో తప్ప ఉండదు. కాబట్టి పాసేజీలను ఇంగ్లిష్‌లో చదవక తప్పదు. డిసెంబరు నుంచి మే వరకు రోజూ ఉదయం 5.30కి గంటన్నర కూర్చున్నాం. ఏం చేశాం, ఏది పనిచేయలేదు, ఎందుకు మార్చాం అన్నది తేదీల వారీగా రాసుకున్న నోట్సు నుంచి ఇక్కడ పెడుతున్నాను.

దశ 0: ముందు కొలత (డిసెంబరు 1 నుంచి 3)

సీశాట్‌లో 80 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. 33 శాతం, అంటే 66 మార్కులు వస్తే చాలు. ఒప్పుకు 2.5, తప్పుకు మూడో వంతు కోత.

```
నికర మార్కులు = (ఒప్పులు × 2.5) − (తప్పులు × 0.83)
```

2015 తర్వాతి పేపర్లలో తొమ్మిదింటిని ముట్టుకోకుండా పరీక్షల కోసం దాచాం. అంతకు ముందువి రోజువారీ సాధనకు వాడుకున్నాం. ఏడాదికొక రకంగా పాసేజీ ప్రశ్నల సంఖ్య మారుతుంది కనుక, ఏ పేపరైనా మొదటి 25 పాసేజీ ప్రశ్నలనే లెక్కలోకి తీసుకున్నాను.

దాచినవాటిలో మొదటి పేపరులో 22 రాశాడు. 8 ఒప్పు, 14 తప్పు, నికరం 8.38. లెక్కలు, రీజనింగ్‌లో 46.69 వచ్చాయి. 25 దాటిన పాసేజీ ప్రశ్నల దాకా వాడు రానేలేదు. మొత్తం 55.07. ఆ 14 తప్పులనూ ఖాళీగా వదిలేసి ఉంటే 66 దాటేవాడు. ఈ సంగతి ఇద్దరం కాగితం మీద లెక్క వేసుకునేదాకా మాకు తట్టలేదు.

జబ్బు ఎక్కడుందో తెలియడానికి మూడు చిన్న పరీక్షలు పెట్టాను.

1. 200 మాటల పాసేజీని పైకి చదివించాను. పలకడంలో 7 తప్పులు. అంటే అక్షరాల దగ్గర ఇబ్బంది లేదు.
2. ఇంకో 200 మాటల పాసేజీని మౌనంగా చదివించి గడియారం చూశాను. రెండు నిమిషాలు, అంటే నిమిషానికి 100 మాటలు. పుస్తకం మూసి తెలుగులో చెప్పమన్నాను. నేను ముందే రాసి పెట్టుకున్న 8 అంశాల్లో 3 చెప్పాడు. తెలియని మాటలకు గీత పెట్టమంటే పెట్టినవి 9.
3. నాలుగు పాసేజీలను నేనే తెలుగులోకి మార్చి, వాటి మీది 10 ప్రశ్నలు తెలుగులోనే ఇచ్చాను. 7 ఒప్పు. అదే స్థాయి ఇంగ్లిష్ పాసేజీల్లో 10కి 3.

మూడో పరీక్షను మాత్రం ఎవరూ మానేయవద్దు. తెలుగులోనూ 3 వచ్చి ఉంటే ఆలోచనా పద్ధతినే సరిచేయాల్సి వచ్చేది. 7 వచ్చాయి కనుక పదిలో నాలుగు భాష దగ్గరే పోతున్నాయని తేలింది. మిగిలిన మూడు తర్వాత చూద్దామనుకున్నాం.

దశ 1: ఎడిటోరియల్, పదాల జాబితా. ఫలించలేదు (డిసెంబరు)

అందరూ చెప్పేదే మేమూ చేశాం. రోజూ ఒక ఇంగ్లిష్ పేపరు ఎడిటోరియల్, 20 కొత్త పదాలు. 24 రోజుల్లో 480 పదాలు నోట్‌బుక్‌లోకి ఎక్కాయి. నెలాఖరున అందులోంచి 100 పదాలు ఏరి అడిగితే 41 చెప్పాడు.

అది కూడా అసలు సమస్య కాదు. ఆ పదాలు వచ్చిన వాక్యాలను ముందు పెట్టినా అర్థం చెప్పలేకపోయాడు. మాటలన్నీ తెలిసిన వాక్యం కూడా తప్పిపోతోంది. ఎడిటోరియల్ ఒక్కటి పూర్తి కావడానికి గంట పట్టేది. ఒక్కోదానిలో గీత పెట్టిన మాటలు యాభై అరవై దాకా ఉండేవి. ప్రతి మాటకూ ఆగి ఫోనులో అర్థం చూసేసరికి, వాక్యం మొదట్లో ఏముందో మరిచిపోయేవాడు.

డిసెంబరు 31 పరీక్ష: 24 రాశాడు, 9 ఒప్పు, 15 తప్పు. నికరం 10.05.

ఇప్పటిదాకా: 36 గంటలు. పెరిగింది 1.67 మార్కులు.

దశ 2: కిందికి దిగి వాక్యం విప్పడం (జనవరి)

పుస్తకం మార్చాను. మా స్కూల్లో ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నాయి, ఒక పేజీలో ఇంగ్లిష్ పాఠం, ఎదురు పేజీలో అదే తెలుగులో. 8వ తరగతి సాంఘిక శాస్త్రంతో మొదలుపెట్టాం. ఇరవై మూడేళ్లవాడికి ఎనిమిదో తరగతి పుస్తకమా అని మొదటి రోజు మొహం చిన్నబుచ్చుకున్నాడు. కానీ ఆ పాఠాల్లోని విషయం వాడికి ముందే తెలుసు. తెలిసిన విషయమైతే మనసంతా వాక్యం అల్లిక మీదే పెట్టొచ్చు. పైగా చెప్పిన అర్థం సరైందో కాదో ఎదురు పేజీ చూసి తనే దిద్దుకోవచ్చు, నేను పక్కన లేకపోయినా.

ఇక్కడ వాడి అసలు ఇబ్బంది కంటికి కనిపించింది. ఒకరోజు ఒక వాక్యం దగ్గర వేలు పెట్టి అక్కడే ఆగిపోయాడు:

"ది ఫార్మర్స్ హూ లాస్ట్ దెయిర్ ఫీల్డ్స్ టు ది కెనాల్ రిసీవ్డ్ నో వాటర్ ఫ్రమ్ ఇట్."

వాడు చెప్పిన అర్థం: "రైతులు పొలాలు పోగొట్టుకున్నారు, కాలువ నీళ్లు తీసుకున్నారు, తర్వాత నీళ్లు లేవు." ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. తెలుగులో మనం "కాలువకు పొలాలు పోగొట్టుకున్న రైతులు" అంటాం. రైతుల గురించిన సమాచారం రైతులు అనే మాటకు ముందే వచ్చేస్తుంది, క్రియ చివర ఉంటుంది. ఇంగ్లిష్‌లో రైతులు ముందొచ్చి, వాళ్ల గురించిన ముక్క మధ్యలో దూరి, అసలు క్రియ ఆ తర్వాత వస్తుంది. తమ్ముడు ముందుగా కనబడిన 'లాస్ట్' అన్నదాన్నే అసలు క్రియ అనుకుని వాక్యం అక్కడే ముగించేస్తున్నాడు. ఆ తర్వాత వచ్చినదంతా వాడికి ఇంకో వాక్యం.

అందుకని రోజూ చేసిన పని ఇది:

1. హూ, విచ్, దట్ కనబడితే పెన్సిల్‌తో బ్రాకెట్ తెరవాలి. ఆ ముక్క అయిపోయిన చోట మూయాలి.
2. బ్రాకెట్ వదిలేసి మిగిలింది చదవాలి. పై వాక్యంలో మిగిలేది: రైతులకు దాని నుంచి నీళ్లు రాలేదు.
3. అసలు క్రియకు సున్నా చుట్టాలి. "ఎవరు?" అని అడిగి, జవాబు కింద గీత పెట్టాలి.
4. బ్రాకెట్ లోపలిదాన్ని తెలుగు పద్ధతిలో పేరుకు ముందు చేర్చి చెప్పాలి: కాలువకు పొలాలు పోగొట్టుకున్న రైతులకు ఆ కాలువ నుంచి నీళ్లు రాలేదు.

మొదటి వారం బ్రాకెట్ ఎక్కడ మూయాలో తెలియక చాలా తంటాలు పడ్డాం. 'కెనాల్' తర్వాత మూయకుండా వాక్యం చివరి దాకా లాక్కెళ్లిపోయేవాడు. అప్పుడు చెప్పిన గుర్తు ఒకటే: బ్రాకెట్ మూశాక బయట ఒక క్రియ మిగలాలి. మిగలకపోతే తప్పు చోట మూసినట్టు. పదోరోజుకల్లా ఆ తప్పును తనే పట్టుకోవడం మొదలుపెట్టాడు.

జనవరి మూడో వారంలో ఇంకో తప్పు, ఈసారి నాది. ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పించాను. వేగం నిమిషానికి 62 మాటలకు పడిపోయింది. పొట్టి వాక్యాలను కూడా ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. అప్పటినుంచి సుమారు 20 మాటలు దాటిన వాక్యాన్ని, లేదా ఒకసారి చదివితే బోధపడని వాక్యాన్ని మాత్రమే విప్పాలని మార్చాను. మిగతావి చదువుకుంటూ పోవాలి. నెలాఖరుకు వేగం 94కి వచ్చింది. మొదటి రోజు కంటే తక్కువే గానీ, చెప్పగలిగిన అంశాలు 8లో 6.

జనవరి 31 పరీక్ష: 18 రాశాడు, 9 ఒప్పు, 9 తప్పు. నికరం 15.03. ఒప్పులు పెరగలేదు. అర్థం కాలేదని తెలిసినవాటిని వదిలిపెట్టడం మొదలైంది, అంతే.

ఇప్పటిదాకా: 78 గంటలు. పాఠాల పేజీలు 61.

దశ 3: చిన్న మాటలు (ఫిబ్రవరి)

ఫిబ్రవరి 6న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. ఈ డైరీలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది అదే.

పంటల బీమా మీద నేను రాసిచ్చిన చిన్న పాసేజీ. అందులో ఒక వాక్యం: "నాట్ ఆల్ ఫార్మర్స్ హూ పెయిడ్ ది ప్రీమియమ్ రిసీవ్డ్ ది క్లెయిమ్." బ్రాకెట్ సరిగ్గా పెట్టాడు. తెలుగులో చెప్పాడు: "ప్రీమియం కట్టిన రైతులందరికీ క్లెయిమ్ రాలేదు." సరే అని టిక్కు పెట్టాను. కింద ప్రశ్నలో 'ప్రీమియం కట్టిన ఏ రైతుకూ క్లెయిమ్ అందలేదు' అన్న ఆప్షన్‌కు టిక్కు కొట్టాడు.

"ఇదెలారా?" అన్నాను.

"అందరికీ రాలేదనేగా చెప్పాను అక్కా. నువ్వు కూడా కరెక్టన్నావు."

వాడన్నది నిజమే. "అందరికీ రాలేదు" అంటే తెలుగులో రెండు అర్థాలున్నాయి. కొందరికి వచ్చి కొందరికి రాలేదనీ అనుకోవచ్చు, ఒక్కరికీ రాలేదనీ అనుకోవచ్చు. మనం మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ నొక్కామన్నదాన్ని బట్టి అర్థం తెలిసిపోతుంది. కాగితం మీద ఆ గొంతు ఉండదు. వాడు ఒకటి అనుకుని చెప్పాడు, నేను ఇంకోటి విన్నాను, నెల రోజులుగా టిక్కులు పెడుతూ వచ్చాను. ఆ రోజే కూర్చుని, వాడు నోట్‌బుక్‌లో రాసిన పాత తెలుగు అర్థాలు 40 తీసి మళ్లీ దిద్దాను. ఆరింటిలో ఇదే తేడా ఉంది.

మార్పు: 'నాట్' తర్వాత 'ఆల్', 'ఎవ్రీ', 'ఆల్వేస్' లాంటిది వస్తే "అందరికీ రాలేదు" అనకూడదు. "అందరికీ కాదు, కొందరికే వచ్చింది" అని రెండు ముక్కలుగా చెప్పాలి. తెలుగులో చెప్పిస్తూ చదివించే ఎవరైనా ఇక్కడ జాగ్రత్తపడాలని నా మనవి. చెప్పింది విని ఊరుకోకుండా, "అయితే ఒక్కరికైనా వచ్చిందా?" అని ఒక ఎదురు ప్రశ్న వేయండి.

అక్కణ్నుంచి నెలంతా ఇలాంటి మాటల వేటే. తప్పుల నోట్‌బుక్‌లో ఎక్కువగా తగిలినవి ఇవి.

'హార్డ్లీ' అంటే కష్టపడి అనుకునేవాడు, 'హార్డ్' ఉంది కదా అని. దాని అర్థం దాదాపు లేదని. వాక్యంలో 'నాట్' కనబడకపోయినా అది లేదని చెప్పే వాక్యమే.

'ఎ ఫ్యూ' అంటే కొందరున్నారని, 'ఫ్యూ' అంటే లేరన్నంత తక్కువని. ఆ ముందున్న ఒక్క అక్షరాన్ని వాడి కన్ను దాటేసేది. వారం రోజులపాటు 'ఫ్యూ' కనబడితే ముందున్న మాటను పైకి చదవాలని నియమం పెట్టాక తగ్గింది.

'ఆల్దో' వాక్యాల్లో ముందు ముక్కనే రచయిత అభిప్రాయం అనుకునేవాడు. "అయినా సరే" అని తెలుగులో అనుకుని చదివితే బరువు రెండో ముక్క మీదికి వెళ్తుందని చూపించాను. ముఖ్యాంశం అడిగే ప్రశ్నల్లో ఇది నేరుగా పనికొచ్చింది.

డిసెంబరులో 480 పదాలు నేర్చుకున్నాం, ఈ నెల పట్టుకున్న మాటలు 22. పరీక్ష మాత్రం ఈ నెలే కదిలింది.

ఫిబ్రవరి 28: 20 రాశాడు, 12 ఒప్పు, 8 తప్పు. నికరం 23.36.

ఇప్పటిదాకా: 115 గంటలు. వేగం 118, అంశాలు 8లో 6.

దశ 4: అర్థమైనా జవాబు తప్పు (మార్చి)

పదో తరగతి పరీక్షల డ్యూటీ పడి ఈ నెల 20 రోజులే కూర్చోగలిగాను. మిగతా రోజులు వాడే చేసుకున్నాడు, వాటిని గంటల లెక్కలో వేయలేదు.

తెలుగు పాసేజీల పరీక్షలో పోయి, అప్పట్లో పక్కన పెట్టిన ఆ మూడు ప్రశ్నల సంగతి ఇక్కడ తేలింది. పాసేజీని తెలుగులో తప్పు లేకుండా చెప్తాడు, జవాబు మాత్రం తప్పు పెడతాడు. సాధనలో వచ్చిన తప్పులు 48 తీసి కారణం రాశాం: పాసేజీలో లేని సొంత జ్ఞానం వాడటం 19, అసంప్షన్ ప్రశ్నలు 16, వాక్యం అర్థం కాకపోవడం 8, తొందరలో ఆప్షన్ సరిగా చదవకపోవడం 5.

సొంత జ్ఞానం ఎలా దెబ్బ తీస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. తాగునీటి మీద నేను రాసిన పాసేజీ సారాంశం ఇంతే: ఊరిలో శుద్ధి ప్లాంటు పెడితే జబ్బులు తగ్గుతాయి కనుక పెట్టాలి. తమ్ముడు 'నీటిలోని ఫ్లోరైడ్ వల్ల జబ్బులు వస్తున్నాయి' అన్న ఆప్షన్ ఎంచుకున్నాడు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధ చిన్నప్పటినుంచి చూసినవాడు, వాడికి అలా తోచడం సహజం. కానీ పాసేజీలో ఫ్లోరైడ్ మాటే లేదు. జనరల్ స్టడీస్ బాగా చదివినవాళ్లకే ఈ తప్పు ఎక్కువ. నియమం: ఎంచుకున్న ఆప్షన్‌కు ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే అది ఎంత నిజమైనా జవాబు కాదు.

అసంప్షన్‌కు అదే పాసేజీతో పద్ధతి నేర్పాను. ఇన్ఫరెన్స్ అంటే పాసేజీ నిజమైతే దాని నుంచి బయటికి వచ్చేది. అసంప్షన్ అంటే రచయిత పైకి చెప్పకుండా, ముందే నిజమనుకుని దాని మీద నిలబడ్డది. దాన్ని తిరగేసి చూడాలి.

1. ఆప్షన్: ఊళ్లో జబ్బులకు నీరు ఒక కారణం. తిరగేస్తే: నీటివల్ల జబ్బులు రావడం లేదు. అప్పుడు ప్లాంటు పెట్టి లాభమేముంది? వాదన కూలింది. ఇది అసంప్షన్.
2. ఆప్షన్: ఊళ్లో అందరూ ఆ నీటికి డబ్బు కట్టగలరు. తిరగేస్తే: కొందరు కట్టలేరు. అయినా తాగినవాళ్లకు జబ్బులు తగ్గుతాయి. వాదన నిలబడే ఉంది. ఇది అసంప్షన్ కాదు.

తిరగేయడం వచ్చాక వాడు ఇన్ఫరెన్స్ ప్రశ్నలకూ అదే వాడటం మొదలుపెట్టాడు, అక్కడ ఒప్పయ్యేవి కూడా పోయాయి. ఈ నెల అంకె కదలకపోవడానికి కారణం అదేనని తర్వాత పేపరు దిద్దేటప్పుడు తెలిసింది. ఏప్రిల్ నుంచి ముందు ప్రశ్న చదివి, అందులో అసంప్షన్ అనే మాట ఉంటే పక్కన 'త' అని రాసుకున్నాకే పాసేజీలోకి వెళ్లమన్నాను. 'త' లేనిచోట తిరగేయకూడదు.

మార్చి 31: 19 రాశాడు, 12 ఒప్పు, 7 తప్పు. నికరం 24.19.

ఇప్పటిదాకా: 141 గంటలు.

దశ 5: వదలాలా, పెట్టాలా (ఏప్రిల్)

రెండు గంటల పేపరులో పాసేజీలకు 50 నిమిషాలు అనుకున్నాం. మొదటి రెండుసార్లు పాసేజీలన్నీ ముందు చేశాడు, 70 నిమిషాలు పోయాయి. లెక్కలకు టైము చాలక టెన్షన్ పడిపోయాడు. ఆ తర్వాత లెక్కలు ఒక విడత, పాసేజీలు ఒక విడత మార్చి మార్చి చేయించాను. రెండుసార్లు చదివినా ముఖ్య వాక్యాన్ని తెలుగులో చెప్పుకోలేకపోతే ఆ పాసేజీని వదిలేయాలి.

అనుమానం ఉన్న ప్రశ్నలను ఊహించి పెట్టాలా వద్దా అన్నది మాటలతో తేలలేదు, అందుకే లెక్కపెట్టాం. సాధనలో అనుమానం వచ్చిన ప్రతి ప్రశ్న పక్కన ఎన్ని ఆప్షన్లు మిగిలాయో రాయించాను.

రెండు మిగిలినవి 31. వాటిలో 14 ఒప్పు, 17 తప్పు. నికరం +20.89.

మూడు, నాలుగు మిగిలినవి 22. వాటిలో 4 ఒప్పు, 18 తప్పు. నికరం −4.94.

సగం కంటే ఎక్కువ తప్పుపోయినా, రెండు ఆప్షన్ల దగ్గర పెట్టడమే లాభం. అంతకంటే ఎక్కువ మిగిలితే ముట్టుకోకూడదు. ఇది మా వాడి లెక్క. మీ లెక్క మీరు వేసుకోండి, రెండు వారాల పని.

ఏప్రిల్ 30: 18 రాశాడు, 14 ఒప్పు, 4 తప్పు. నికరం 31.68.

ఇప్పటిదాకా: 181 గంటలు. వేగం 136, అంశాలు 8లో 7.

దశ 6: దాచిన చివరి మూడు పేపర్లు (మే 1 నుంచి 18)

కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు. తప్పుల నోట్‌బుక్ తిరగేయడం, ఆరు రోజులకొక పూర్తి పేపరు.

మొదటిది: 13 ఒప్పు, 4 తప్పు, నికరం 29.18.
రెండోది: 15 ఒప్పు, 5 తప్పు, నికరం 33.35.
మూడోది: 12 ఒప్పు, 6 తప్పు, నికరం 25.02.

మూడో పేపరులో లెక్కలు కఠినంగా ఉన్నాయి. పాసేజీల టైము లెక్కలు తినేశాయి, అక్కడ 39.19 మాత్రమే వచ్చాయి. మొత్తం 64.21, అంటే ఫెయిల్. మిగతా రెండూ 66 దాటాయి. మూడో పేపరును విప్పి చూస్తే ఆ ఆరు తప్పుల్లో నాలుగు చివరి పదిహేను నిమిషాల్లో పెట్టినవి. నాలుగింటికీ ఆధార వాక్యం మీద వేలు పెట్టలేదని తనే ఒప్పుకున్నాడు. ఆఖరి పదిహేను నిమిషాల్లో కొత్త పాసేజీ తెరవకూడదని మే 18న అట్ట మీద రాసి బల్ల ముందు అంటించాం.

అసంప్షన్ ఇంకా పూర్తిగా కుదరలేదు. ఈ మూడు పేపర్లలో ఆ రకం ప్రశ్నలు 11 రాస్తే 5 ఒప్పు. వాటిని చివరికి ఉంచుకుని, రెండు ఆప్షన్లకు వస్తేనే పెడతానన్నాడు. పరీక్ష వచ్చే ఆదివారం.

మొత్తం: 208 గంటలు. పాసేజీల నికరం 8.38 నుంచి చివరి మూడు పేపర్ల సగటు 29.18కి.